కూకట్‌పల్లి ఫ్లాట్ కొనుగోలు: బ్యాంకుకు మీరు ఇవ్వవలసిన పత్రాలు, అమ్మేవారి దగ్గర సరిచూడవలసిన కాగితాలు

మాన్యులకు నమస్కారం.

కూకట్‌పల్లిలో రెండో అంతస్తులోని 204వ నంబరు ఫ్లాటును 68 లక్షల రూపాయలకు మాట్లాడుకుని, 2 లక్షలు చెక్కు రూపంలో బయానా ఇచ్చి, గృహరుణానికి దరఖాస్తు పెట్టబోతున్నట్టు మీరు, మీ శ్రీమతి గారు నాకు తెలియజేశారు. మీరు వదిలి వెళ్లిన జిరాక్సు కాగితాలు చదివాను. బ్యాంకుకు మీరు సిద్ధం చేసుకోవలసినవి, అమ్మేవారి నుంచి అడిగి తీసుకోవలసినవి ఈ లేఖలో రాస్తున్నాను. మొదటి భాగం ఓపికతో పూర్తయ్యేదే. రెండో భాగంలో ఒక విషయం తేలేదాకా మీరు మరో రూపాయి కూడా చెల్లించవద్దని ముందే చెబుతున్నాను.

బ్యాంకుకు ఇవ్వవలసినవి

మీది ప్రైవేటు కంపెనీలో జీతం, మీ శ్రీమతి గారిది సొంత బొటిక్. ఇద్దరి ఆదాయాన్నీ కలిపి చూపాలనుకుంటున్నారు కాబట్టి ఒకే ఫైలులో రెండు రకాల కాగితాలు ఉండాలి. మీ వైపు నుంచి ఆధార్, పాన్, ఫొటోలు, కంపెనీ గుర్తింపు కార్డు, ఉద్యోగ నియామక పత్రం, ఇటీవలి జీతం స్లిప్పులు, రెండేళ్ల ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు, జీతం జమయ్యే ఖాతాకు ఆరు నెలల స్టేట్‌మెంటు, ఇప్పుడు కడుతున్న కారు లోను తాలూకు స్టేట్‌మెంటు సిద్ధంగా ఉంచండి. మీ శ్రీమతి గారి వైపు నుంచి మూడేళ్ల రిటర్నులు, వాటితో పాటు ఆడిటర్ సంతకం చేసిన ఆదాయ లెక్కలు, లాభనష్టాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టీ, దుకాణం ట్రేడ్ లైసెన్సు, ఉద్యమ్ నమోదు పత్రం, కరెంటు ఖాతాకు ఏడాది స్టేట్‌మెంటు అడుగుతారు. రిటర్నులలో చూపని ఆదాయాన్ని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. దుకాణంలో రోజూ ఎంత గిరాకీ ఉందో నోటితో చెప్పి ప్రయోజనం లేదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు నా కంటపడింది. మీ శ్రీమతి గారి పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. మీ ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండగా పాన్‌లో పూర్తిగా ఉంది. మన ప్రాంతంలో ఇది ప్రతి రెండో ఇంట్లో కనబడేదే అయినా, రుణ పత్రాలలో ఒక పేరు, విక్రయ దస్తావేజులో మరో పేరు పడితే సరిదిద్దడానికి ఆ తరవాత సవరణ దస్తావేజు రాయించుకోవలసి వస్తుంది. దరఖాస్తు ఇవ్వకముందే పాన్‌ను, ఆధార్‌ను ఒకేలా మార్పించండి. వీలుకాకపోతే రెండు పేర్లూ ఒకే వ్యక్తివేనని తెలిపే అఫిడవిట్‌తో పాటు పెళ్లి ధ్రువపత్రం జతచేయండి.

డబ్బు లెక్క సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్న గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదు. 68 లక్షలకు అది 54 లక్షల 40 వేలు. మీరు అడుగుతున్నది 50 లక్షలు కాబట్టి పరిమితిలోనే ఉన్నారు. అయితే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజులను ఈ విలువలో కలపరు. 2021 జూలైలో సవరించిన రేటు ప్రకారం అవి మూడూ కలిసి 7.5 శాతం, అంటే 5 లక్షల 10 వేలు. మీ చేతి నుంచి పడవలసిన 18 లక్షలకు దీన్ని కలిపితే 23 లక్షల 10 వేలు అవుతుంది. ఆ సొమ్ము ఎక్కడిదో బ్యాంకు అడుగుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, చిట్టీ పాడుకున్న సొమ్ము జమయిన ఖాతా స్టేట్‌మెంటు, మీ నాన్నగారు ఇస్తామన్న మొత్తానికి ఆయన సంతకంతో బహుమతి లేఖ, ఆయన ఖాతా స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి. దస్తావేజులో ధర తగ్గించి రాసి తేడా నగదుగా ఇమ్మని మధ్యవర్తి అన్నట్టు మీరు చెప్పారు. రుణం రాసిన ధరను బట్టే వస్తుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేల రూపాయలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించిన పని. ఆ మాట అంతటితో వదిలేయండి.

అమ్మేవారి దగ్గర సరిచూడవలసినవి

ముందుగా హక్కు సంగతి చూద్దాం. ఈ ఫ్లాటును 2015లో బిల్డరు దగ్గర కొన్నవారు 2019లో వీలునామా రాయకుండా కాలం చేశారు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆయన భార్య, హైదరాబాద్‌లో ఉన్న కుమారుడు. కుమార్తె అమెరికాలో ఉన్నారు. వారు చూపిన తహసీల్దారు గారి కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఈ ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఆస్తిపన్ను రసీదు కూడా భార్య పేరు మీదికి మారింది. ఈ రెండు కాగితాలలో ఏదీ హక్కును నిర్ణయించదు. ఆయన పోయేనాటికి ఆయన తల్లి బతికే ఉన్నారని, 2021లో కన్నుమూశారని మాటల సందర్భంలో ఆ కుమారుడే చెప్పినట్టు మీరు నాకు తెలిపారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులలో భార్యాబిడ్డలతో పాటు తల్లి కూడా ఉన్నారు. కాబట్టి 2019లో ఆస్తి నలుగురికీ నాలుగో వంతు చొప్పున సంక్రమించింది. ఆమె కూడా వీలునామా లేకుండా, భర్త ముందే పోయి, ఇద్దరు కొడుకుల తల్లిగా మరణించారు గనుక ఆమె నాలుగో వంతులో సగం బతికి ఉన్న చిన్న కుమారుడికి, మిగతా సగం చనిపోయిన పెద్ద కుమారుడి పిల్లలిద్దరికీ వెళ్తుంది. ఆ లెక్కన భార్యకు 16 వంతులలో 4, కుమారుడికి 5, కుమార్తెకు 5, ఇంతవరకు ఎవరూ పేరెత్తని ఆ బాబాయి గారికి 2 వంతులు ఉన్నాయి.

అందువల్ల ఆ బాబాయి గారు మీ దస్తావేజులో అమ్మకందారుగా సంతకం చేయాలి, లేదా తన వాటాను వదిన గారి పేర వదులుకుంటూ రిజిస్టరు చేసిన రిలీజ్ డీడ్ ముందుగా ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసిచ్చే నిరభ్యంతర పత్రం సరిపోదు. చనిపోయిన ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, వీలునామాలు ఏవీ లేవని, వేరే వారసులు లేరని అందరూ సంతకం చేసిన అఫిడవిట్ తీసుకోండి. నేను ఇంత పట్టుబట్టడం మీకు అతిగా తోచవచ్చు. కానీ బ్యాంకు ప్యానెల్ న్యాయవాది ఇదే ప్రశ్న వేసి ఫైలు వెనక్కి పంపితే అప్పటికి మీ బయానా గడువు దాటిపోవచ్చు.

కుమార్తె గారు రాలేకపోతే ఈ ఫ్లాటుకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అందులో ఫ్లాటు వివరాలు, ధర, దస్తావేజు రాసి రిజిస్ట్రేషనుకు హాజరయ్యే అధికారం స్పష్టంగా ఉండాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన తరవాత అది మన దేశానికి చేరిన మూడు నెలలలోగా దానికి స్టాంపు వేయించాలి. ఆమె వాటా సొమ్ము 21 లక్షల 25 వేలు. అది ప్రవాసులు మన దేశంలోని బ్యాంకులో తెరిచే ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే వెళ్లాలి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఇక్కడ నివసించే అమ్మకందారుల వాటాల నుంచి మీరు 1 శాతం టీడీఎస్ మినహాయించాలి. ప్రవాసి అయిన ఆమెకు ఈ 1 శాతం వర్తించదు. రేటు చాలా ఎక్కువ. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తెచ్చుకొమ్మని ఆమెకు ఇప్పుడే చెప్పండి, మీ ఆడిటర్ గారితో లెక్క చూపించుకోండి. మినహాయించని పన్నుకు ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్నే బాధ్యులను చేస్తుంది.

ఆస్తి చేతులు మారిన క్రమాన్ని చూపే పాత పత్రాలకు, అంటే లింకు డాక్యుమెంట్లకు వస్తే, స్థలం 1986లో హుడా ఆమోదించిన లేఅవుట్‌లోనిది. ఆ నాటి ప్లాటు విక్రయ దస్తావేజు, స్థల యజమానులు బిల్డరుకు నిర్మాణం, అమ్మకం అధికారం ఇచ్చిన 2012 నాటి డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కమ్ జీపీఏ, ఫ్లాట్లను పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు, 2015 నాటి విక్రయ దస్తావేజు అనే నాలుగింటి అసలు ప్రతులు చూడాలి. మీరిచ్చిన జిరాక్సులలో సప్లిమెంటరీ అగ్రిమెంటు లేదు. 204 బిల్డరు వాటాలో పడిందా, స్థల యజమానుల వాటాలో పడిందా అన్నది చెప్పేది అదొక్కటే. స్థల యజమానుల వాటాలోదై ఉండి 2015లో బిల్డరు మాత్రమే సంతకం చేసి ఉంటే ఆ అమ్మకమే ప్రశ్నార్థకమవుతుంది. అసలు కనబడకపోతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ తీయించండి.

ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ను, అంటే ఈసీని 1986 నుంచి నేటివరకు తీయాలి. 1983 నుంచి వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్లాటు నంబరుతో ఒకసారి, అపార్టుమెంటు పేరు, ఫ్లాటు నంబరుతో మరోసారి వెతికించండి. ఇంటి నంబరు మారిన చోట ఒక వెతుకులాటలో బయటపడనిది రెండోదానిలో పడుతుంది. రిజిస్టరు కాని ఒప్పందాలు, వీలునామాలు, కోర్టు దావాలు, పత్రాలు డిపాజిట్ చేసి తీసుకున్న కొన్ని అప్పులు ఈసీలో కనబడవు. అందుకని బ్యాంకుల తనఖాలు నమోదయ్యే సెర్సాయ్ పోర్టల్‌లో విడిగా వెతకాలి. చనిపోయినవారు ఈ ఫ్లాటు మీద తీసుకున్న గృహరుణం తీరిపోయిందంటున్నారు. బ్యాంకు ఇచ్చిన బాకీ లేదన్న లేఖ, తనఖా రద్దు పత్రం రెండూ చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితాలో ఈ సర్వే నంబరు లేదని కూడా పోర్టల్‌లో చూసి ప్రింటు తీసుకోండి.

భవనం విషయంలో ఆమోదించిన ప్లాను, అనుమతి పత్రం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ప్రకారం అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని కింది అంతస్తులలో నగరపాలక సంస్థకు తనఖా పెట్టించుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు విడుదల చేస్తారు. మీది రెండో అంతస్తు కాబట్టి 204 ఆ 10 శాతంలో ఉందేమో ప్లాను చూస్తే తెలుస్తుంది. ఉంటే విడుదల పత్రం లేకుండా ముందుకు వెళ్లవద్దు. వెనుక బాల్కనీని గదిగా మార్చారని మీరన్నారు. బ్యాంకు వాల్యుయర్ దాన్ని ప్లానుతో పోల్చి రాస్తారు, విలువ కొంత తగ్గవచ్చు. దస్తావేజులో 1,240 చదరపు అడుగులతో పాటు అవిభాజ్య స్థల వాటా 42 చదరపు గజాలని ఉంది. అన్ని ఫ్లాట్ల వాటాలూ కలిపితే ప్లాటు మొత్తం విస్తీర్ణానికి మించకూడదు. ఇక ఆస్తిపన్ను, కరెంటు, నీటి బిల్లులు, అసోసియేషన్ నుంచి మెయింటెనెన్స్ బాకీ లేదన్న లేఖ మామూలే.

రుణం మంజూరైన తరవాత చెక్కులను అమ్మకందారుల వాటాల ప్రకారం విడివిడిగా ఇమ్మని బ్యాంకును రాతపూర్వకంగా కోరండి. అసలు పత్రాలు బ్యాంకుకు అప్పగించేటప్పుడు ఒక్కొక్క దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి ఉన్న జాబితా మీద బ్యాంకు ముద్రతో రసీదు తీసుకోండి.

వచ్చే వారం ఇస్తామన్న 5 లక్షలను ఆపండి. బాబాయి గారు సంతకానికి ఒప్పుకున్నట్టు తేలాక, నలుగురూ పార్టీలుగా కొత్త అమ్మకపు ఒప్పందం నేను రాసిస్తాను. అప్పుడు ఆ సొమ్ము చెక్కులతోనే ఇవ్వవచ్చు. నా కార్యాలయానికి వచ్చేటప్పుడు సప్లిమెంటరీ అగ్రిమెంటు, రెండు మరణ ధ్రువపత్రాలు, రెండు ఈసీలు తీసుకురండి.

ఇట్లు,
మీ న్యాయవాది