పాలమూరు విభాగంలో కొత్తగా చేరిన థెరపిస్టులకు: కౌమార అనొరెక్సియాలో కుటుంబ ఆధారిత చికిత్స, దశలవారీ మార్గదర్శి

ఈ చికిత్స 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో 20 సెషన్ల వరకు పడుతుంది. జబ్బు ఎందుకొచ్చిందని ఇక్కడ తవ్వం. ముందు బరువు పెరగాలి, ఆ పని తల్లిదండ్రుల చేతుల మీదుగా జరగాలి.

మొదలుపెట్టే ముందు పిల్లల వైద్యుడు చూడాలి. మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువున్నా, సిస్టాలిక్ రక్తపోటు 90 లోపున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, పొటాషియం లేదా ఫాస్ఫేట్ తగ్గినా ముందు వార్డులో చేర్పించండి. చాలా రోజులు సరిగా తినని పిల్లకు తిండి మళ్లీ మొదలైన తొలి రోజుల్లో ఫాస్ఫేట్ హఠాత్తుగా పడిపోవచ్చు. రక్త పరీక్షలు ఒక్కసారితో ఆపొద్దు.

మొదటి దశ: తిండి బాధ్యత తల్లిదండ్రులది (వారానికో సెషన్)

ఉదాహరణగా ఒక కుటుంబాన్ని అనుకుందాం. పాప పదో తరగతి, వయసు 15. ఆరు నెలల్లో 46 కిలోల నుంచి 37కి దిగింది. నెలసరి ఆగింది. నాయిన ముంబైలో మేస్త్రీ పని, ఇంట్లో అమ్మ, అవ్వ, తమ్ముడు. మొదటి సెషన్‌కు నలుగురూ రావాలి. నాయిన కనీసం ఆ వారానికైనా వచ్చేట్టు ఫోన్ చేసి ఒప్పించండి. కుదరకపోతే అమ్మకు తోడు నిలబడే రెండో పెద్దమనిషి అవ్వే. అప్పుడు ఆమెకు కూడా అన్నీ వివరంగా చెప్పాలి. చెప్పకపోతే అమ్మ కంచంలో పెట్టింది అవ్వ జాలిపడి తీసేస్తుంది.

ప్రతిసారీ సెషన్‌కు ముందు పాప ఒక్కదాన్నే పిలిచి, మూత్రానికి పంపి, పల్చటి బట్టలతో బరువు తూయండి. జేబుల్లో రాళ్లు, కడుపునిండా నీళ్లు మామూలే. ఆ అంకెను గ్రాఫ్ మీద పెట్టి ఇంటిల్లిపాదికీ చూపించండి. ఆ రోజు మాట్లాడాల్సింది ఆ గీతే నిర్ణయిస్తుంది.

జబ్బును పాప నుంచి విడదీసి మాట్లాడండి. "మొండిగా తింటలేదు" అని అమ్మ అంటే, "మొండితనం పాపది కాదమ్మా, జబ్బుది. ఆ జబ్బుతో మీరు కొట్లాడాలె, బిడ్డతో కాదు" అని చెప్పండి. దిష్టి తగిలిందని అవ్వ అంటే వాదించొద్దు. దిష్టి తీసినా కంచం ఖాళీ కావాల్సిందేనని ఒప్పిస్తే చాలు.

రెండో సెషన్‌లో కుటుంబం భోజనం తెచ్చుకుని మీ ముందే తినాలి. పాపకు ఎంత అవసరమో అంత అమ్మే తేవాలి: రెండు జొన్నరొట్టెలు, నెయ్యి వేసిన పప్పు, గుడ్డు, గడ్డపెరుగు. డైట్ చార్ట్ రాసివ్వాలని మీ చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. బిడ్డను పదిహేనేళ్లు సాకిన మనిషికి ఎంత పెట్టాలో తెలుసు, చార్ట్ ఇస్తే ఆ నమ్మకం పోతుంది. పాప ఆపిన చోట అమ్మానాయినలను చెరో పక్క కూర్చోబెట్టి, అనుకున్న దానికన్నా ఒక్క బుక్క ఎక్కువ తినిపించమనండి. "బిడ్డా, ఈ బుక్క తిను" అని ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో పదేపదే అనాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే. నాయిన గద్దిస్తాడు, అమ్మ బతిమాలుతుంది, ఆ సందులో జబ్బు దూరుతుంది. తమ్ముడికి తినిపించే పని అప్పగించొద్దు. వాడు అక్కతో అష్టాచెమ్మా ఆడితే చాలు.

ఇంట్లో రోజుకు మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిండ్లు, అన్నీ పెద్దల కళ్ల ముందే. తిన్నాక గంటసేపు బాత్రూమ్‌కు ఒంటరిగా పంపొద్దు. ఒక్కపొద్దులు బంద్. బతుకమ్మ రోజుల్లో పాటకు కూర్చోనివ్వండి, గంటల తరబడి ఆడనివ్వొద్దు. హాస్టల్‌లో ఉంటే ఇంటికి తెచ్చుకోవాల్సిందే.

నాలుగో సెషన్‌కు సుమారు 2 కిలోలు పెరిగితే ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. పెరగకపోతే పాపను నిందించే ముందు పెద్దలిద్దరూ ఒక్క మాట మీద ఉన్నారా చూడండి, భోజనం సెషన్ మళ్లీ చేయండి.

రెండో దశ: పగ్గాలు కొద్దికొద్దిగా పాప చేతికి (రెండు మూడు వారాలకోసారి)

ఆ వయసుకూ ఎత్తుకూ ఉండాల్సిన బరువులో సుమారు 90 శాతానికి చేరి, పెద్ద గొడవ లేకుండా తింటుంటేనే ఇక్కడికి రండి. ముందు సాయంత్రం చిరుతిండి తనే పెట్టుకోవాలి, తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం, చివరికి అన్నీ. ఒక్కో మెట్టుకూ ఒక వారం ఇచ్చి బరువు చూడండి. పరీక్షలు దగ్గరపడ్డాయని తల్లిదండ్రులు తొందరపెడతారు, లొంగొద్దు. హాస్టల్‌కు తిరిగి పంపడం ఈ దశలో ఆఖరి మెట్టు.

మూడో దశ: వయసు సంగతులు (నెలకోసారి, మూడు నాలుగు సెషన్లు)

బరువు నిలబడి, తిండి మాట ఇంట్లో తగ్గాక స్నేహాలు, ఇంటర్ చదువు, పెళ్లి మాటల ఒత్తిడి గురించి మాట్లాడండి. పాపతో కొంతసేపు విడిగా కూర్చోండి. ముగించే ముందు అమ్మానాయినలకు ఆనవాళ్లు చెప్పండి: కంచం పక్కకు నెట్టడం, మళ్లీ ఒక్కపొద్దు అనడం, వదులు బట్టలు, నెలసరి తప్పడం. వీటితో పాటు బరువు కూడా తగ్గుతుంటే నెల ఆగొద్దు, అదే వారం తీసుకురమ్మని, ఆ రోజు నుంచే కంచం మళ్లీ అమ్మే వడ్డించాలని చెప్పి పంపండి.