నికాన్ డి7200 అమ్మకానికి: రెండు లెన్సులు, ఒకదానిలో కొంచెం ఫంగస్

మొదటి నుంచీ నేనొక్కడినే వాడిన కెమెరా. షట్టర్ కౌంట్ 41,380. ఈ మోడల్ షట్టర్‌ను 1,50,000 క్లిక్కుల వరకు పరీక్షించారు కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. అడిగితే ఈరోజే తీసిన ఫొటో ఎడిట్ చేయకుండా పంపిస్తా, కౌంట్ మీరే చూసుకోండి.

బొటనవేలు ఆనే చోట రబ్బరు లేచిపోతే మళ్లీ అంటించాను. సెన్సర్ మీద ఒక దుమ్ము చుక్క ఉంది. ఎఫ్16లో ఆకాశం తీస్తే కుడి మూల బూడిద రంగు మచ్చలా కనిపిస్తుంది. బ్లోయర్‌తో పోలేదు, తడి క్లీనింగ్ చేయించాలి.

50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ శుభ్రంగా ఉంది. అసలు సంగతి 18-140 ఎంఎంది. వెనక నుంచి టార్చ్ వేస్తే లోపలి గాజు అంచున సాలెగూడు లాంటి ఫంగస్, గోరు చివరంత. ఫొటోల్లో నాకైతే తేడా తెలియలేదు, కానీ దాచి అమ్మడం నా వల్ల కాదు. అది వద్దంటే బాడీ, 50 మాత్రమే తీసుకోండి. తీసుకుంటే మీ మిగతా లెన్సుల పక్కన పెట్టకండి.

వీటితో పాటు చార్జర్, రెండు బ్యాటరీలు (రెండోది ఒరిజినల్ కాదు, త్వరగా దిగిపోతుంది), లెన్సుల మూతలు, స్ట్రాప్, 32 జీబీ కార్డు ఇస్తాను. పెట్టె ఉంది, బిల్లు పోయింది. మీ చేత్తో నాలుగు ఫొటోలు తీసి చూశాకే ధర మాట్లాడుకుందాం.