రాత్రి ఎనిమిది దాటాక మీ ఇంట్లో ఫోన్ ఎక్కడుంటుంది?

బడి తెరిచి నెల దాటింది. గేటు దగ్గర ఏడుపులు తగ్గాయి, టిఫిన్ బాక్సులు ఖాళీగానే ఇంటికి వస్తున్నాయి. ఒక్కటే ఇంకా కుదుటపడలేదు. పదిన్నర అయ్యేసరికి ఎల్‌కేజీ గదిలో ముగ్గురో నలుగురో బల్ల మీద తల వాల్చేస్తున్నారు. జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూస్తాం, ఏమీ ఉండదు. "రాత్రి ఎప్పుడు పడుకున్నావురా?" అంటే "డాడీ వచ్చాక" అంటారు. ప్లాంటులో రెండు-పది షిఫ్ట్ చేసే నాన్న కూర్మన్నపాలెంలో ఇల్లు చేరేసరికి పదిన్నర. అప్పటిదాకా పిల్లని కూర్చోబెట్టేది ఏమిటో మనందరికీ తెలిసిందే.

ముందు లెక్క చూద్దాం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. వ్యాను కోసం ఏడింటికి లేవాల్సిన పిల్ల మధ్యాహ్నం ఒక గంట పడుకుందనుకున్నా, రాత్రి తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి. పక్క మీద ఉండటం కాదు, నిద్రలో. ఇక స్క్రీన్ సంగతి. రెండేళ్ల లోపు పిల్లలకి అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజు మొత్తం మీద గంట దాటకూడదనీ భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. దుబాయ్‌లో ఉన్న మావయ్యతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడితే తప్పులేదు, అది మనుషులతో మాటే కదా.

అయితే ఆ గంటని నిమిషాల్లెక్కన కాపలా కాయమని మేం అనం. రోజంతా "ఇంక చాలు, ఇచ్చెయ్" అంటూ తిరిగితే ఇంట్లో మిగిలేది గొడవే. రెండు చోట్ల మాత్రం గట్టిగా ఉండండి: అన్నం దగ్గర, నిద్రకి ముందు గంట. ఈ రెండూ కుదిరితే మిగతాది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

అన్నం దగ్గర నుంచే ఎందుకంటే, రాత్రి ఫోన్ చేతిలోకి వచ్చేది అక్కడే. మొన్న ఒక నాన్నమ్మగారు మాతో అన్నారు: "గుంటడు ఫోన్ లేకపోతే ముద్ద ముట్టడమ్మా. బొమ్మలు పెడితే ఎంత పెడితే అంత తింటాడు." ఆవిడ ఓపికని తప్పు పట్టలేం. కానీ ఆ "ఎంత పెడితే అంత" దగ్గరే చిక్కుంది. బొమ్మలు చూస్తున్న పిల్లవాడి నోరు తెరుచుకుంటుంది గానీ, తినేది పప్పన్నమో పెరుగన్నమో వాడికి పట్టదు. కడుపు నిండిందన్న కబురూ వాడికి అందదు. ముద్ద బుగ్గలో పెట్టుకుని అలా ఉండిపోతాడు. వీడియో ఆగితే నమలడమూ ఆగుతుంది. అన్నం అయిపోయినా ఫోన్ చేతిలోనే ఉంటుంది, దాన్ని లాక్కోబోతే మొదలవుతుంది రాత్రి యుద్ధం.

మానిపించడం ఎలా? వాడి పళ్లెం వాడి ముందు పెట్టండి. చిన్న చిన్న ముద్దలు చేసి పెడితే వాడే తీసుకుంటాడు. కింద పోస్తే పోయనివ్వండి, పాత పేపరు పరిస్తే సరి. మొదటి రెండు మూడు రోజులు తక్కువ తింటాడు, నాన్నమ్మలకి టెన్షన్ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒక పూట తగ్గినా మరో పూట తినేస్తారు. బరువు సరిగ్గా పెరగడం లేదన్న అనుమానం ముందు నుంచే ఉంటే మాత్రం మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఆ అరగంటా పెద్దవాళ్ల ఫోన్లు, టీవీలో సీరియల్ కూడా ఆగాలి. ఇది చెప్పినప్పుడు అందరూ నవ్వుతారు, అయినా చెబుతున్నాం.

రెండోది, నిద్రకి ముందు గంట. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరుతుంది, నిద్రకి సిద్ధం చేసేది అదే. కళ్ల మీద వెలుతురు పడితే అది తగ్గిపోతుంది. పిల్లల కంటిపాపలు పెద్దవి, కంటి లెన్స్ తేట, కాబట్టి అదే వెలుతురు మనకంటే వాళ్లకి ఎక్కువగా లోపలికి వెళ్తుంది. "నైట్ మోడ్ పెట్టాంగా మేడమ్" అంటారు కొందరు. రంగు మారితే మారుతుంది గానీ, క్షణానికో బొమ్మ, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి తన్నుకు రావడం ఆగదుగా. పగలు ఇచ్చే ఆ గంటలో కూడా ఆటోప్లే ఆపేసి ఇవ్వండి. వీడియో దానంతటదే అయిపోతే ఫోన్ తీసుకోవడం తేలిక.

ఇంచుమించుగా ఒక సాయంత్రం ఇలా ఉండొచ్చు. ఏడుంబావుకి అన్నం. ఎనిమిదికి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి, పడకగదిలోకి రావు. మన ఊరి ఉక్కకి గోరువెచ్చటి స్నానం, పలచటి నూలు బట్టలు. పళ్లు తోమడం, నీళ్లు, బాత్రూమ్. తర్వాత ట్యూబ్‌లైట్ ఆపేసి బెడ్‌ల్యాంప్ వేసి ఒక కథ. ఏడు చేపల కథ లాంటిదైతే మరీ మంచిది: ఎండని చేప దగ్గర్నుంచి చీమ దాకా అదే ప్రశ్న, అదే వరుస. తర్వాత ఏమొస్తుందో తెలుసు గనక పిల్లలు నెమ్మదిస్తారు. రోజూ అదే కథ అడిగితే విసుక్కోకండి, కొత్తదనం మనకి కావాలి గానీ వాళ్లకి కాదు. కరెంటు పోతే వెతుక్కోవడానికి చిన్న టార్చ్ ఒకటి గదిలో ఉంచండి, ఫోన్ లైట్ కోసం వెళ్తే ఫోన్ మళ్లీ గదిలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు పదకొండింటికి పడుకునే పిల్లని రేపటి నుంచి తొమ్మిదికి పడుకోమంటే కుదరదు. రెండు మూడు రోజులకోసారి పదిహేను నిమిషాలు ముందుకి జరపండి. పొద్దున లేపే టైమ్ మాత్రం ఆదివారం కూడా మార్చకండి. మధ్యాహ్నం కునుకు మూడున్నరకల్లా ముగియాలి. సాయంత్రం టీ, కాఫీ, కోలా వద్దు, "రెండు చుక్కలే" అన్నది కూడా వద్దు.

మరి నాన్న? షిఫ్ట్ వారాల్లో పిల్లల కోసం పొద్దుటిపూట ఉంచుకోండి. లేపడం, స్నానం చేయించడం, వ్యాను ఎక్కించడం నాన్న పని. రాత్రి పదిన్నరకి నిద్ర కళ్లతో పడే పది నిమిషాల కంటే అది ఎంతో మెరుగు. ఆ వారం అమ్మకి కూడా కాస్త ఊపిరాడుతుంది.

ఇవన్నీ చేసినా నిద్ర సరిగ్గా లేకపోతే కారణం స్క్రీన్ కాకపోవచ్చు. దాదాపు రోజూ గురక పెట్టడం, నోటితో ఊపిరి తీయడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం కనిపిస్తే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగినా ఇలా అవుతుంది.

వచ్చే శనివారం ఉదయం 10:30కి ఎల్‌కేజీ గదిలో దీని మీద ఒక గంట మాట్లాడుకుందాం. రాత్రి పిల్లలకి అన్నం పెట్టేది ఎవరైతే వాళ్లు రావాలి. అమ్మమ్మలు, నాన్నమ్మలు, తాతయ్యల కోసం కుర్చీలు వేయిస్తున్నాం. ఈ వారం మీ పిల్లలు పడుకున్న టైమ్, లేచిన టైమ్ డైరీ వెనక పేజీలో రాసి తీసుకురండి. పదకొండున్నర అయినా ఉన్నదున్నట్టు రాయండి, ఎవరినీ ఏమీ అనం.