గ్రామసభలో ఏడో వార్డు సభ్యురాలి ప్రసంగం: తాగే నీళ్ల సంగతి

సర్పంచ్ గారికి, కార్యదర్శి గారికి, అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఊళ్లో రెండో ఫిల్టర్ ప్లాంటు పెట్టాలని అర్జీ వచ్చింది. డబ్బులు ఖర్చు పెట్టే ముందు మనం తాగుతున్న నీళ్ల గురించి రెండు మాటలు మాట్లాడుకుందాం.

ముందు బోరు సంగతి. గుడి దగ్గరి బోరు నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ పోయిన నెల పరీక్ష చేయిస్తే లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. 1.5 దాటితే తాగకూడదు. అది మన రాతినేలలోంచి వచ్చేది. కాచినా పోదు, క్లోరిన్ కలిపినా పోదు. వంగిన నడుములు, గార పట్టిన పళ్లు నల్లగొండ జిల్లావాళ్లకు నేను చెప్పాలా? బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు సరే. తాగడానికి, వంటకు వద్దు.

ఇక ట్యాంకు. మిషన్ భగీరథ నీళ్లు కృష్ణ నుంచి శుద్ధి అయ్యి వస్తాయి. అదే రోజు నల్లా దగ్గర పట్టిన నీళ్లలో ఫ్లోరైడ్ 0.4 మాత్రమే. మరి జనం ఎందుకు తాగట్లేదు? "చప్పగా ఉన్నాయమ్మా, ఒక్కోరోజు ఉప్పగా ఉంటాయి" అంటారు. ఉప్పగా ఎందుకుంటాయో ట్యాంకు కింద నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడ రెండు పైపులు కలుస్తాయి. పైనుంచి సప్లై ఆగిన రోజు బోరు మోటారు ఆన్ చేసి అదే ట్యాంకు నింపుతున్నారు. మంచి నీళ్లలో ఫ్లోరైడ్ మనమే కలుపుకుంటున్నాం! ట్యాంకు మీద కడిగిన తేదీ రాసే చోట ఉగాది ముందటి తేదీ ఉంది. ఇప్పుడు శ్రావణం. క్లోరిన్ వాసనకు విసుక్కుంటాం గానీ, అసలు భయపడాల్సింది ఆ వాసన లేని రోజు.

ఫిల్టర్ ప్లాంటును నేను తప్పుపట్టను. ఆర్వో ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, లోపలి వడపోత పొర, అదే మెంబ్రేన్, సరిగా ఉన్నన్నాళ్లు. మన ప్లాంటు మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో రిజిస్టర్‌లో లేదు. క్యాను ఐదు రూపాయలే అంటాం, రోజుకు రెండు క్యాన్లంటే నెలకు మూడు వందలు. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. పైగా ప్లాంటుకు నీళ్లు బోరువే. నాలుగు బిందెలు తోడితే రెండు పారబోయడమే. ఆ పారబోసిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, అవి బడి వెనక గుంటలోకి పోతున్నాయి. మేకలు అక్కడే తాగుతున్నాయి.

కాబట్టి రెండో ప్లాంటు వద్దు. ఆ డబ్బుతో బోరు నీళ్లకు వేరే సిస్టర్న్ కట్టి, వాడకానికి విడిగా కుళాయిలు పెడదాం. ట్యాంకుకు కలిసే బోరు పైపు కోసేసి బిరడా కొట్టిద్దాం. సప్లై ఆగిన రోజుల కోసం ఉన్న ప్లాంటునే బాగుచేసుకుందాం, ఆ రోజుల్లో ఇంటికొక క్యాను ఉచితం. ట్యాంకు పదిరోజులకోసారి కడగాలి, తేదీ రాయాలి, క్లోరిన్ పరీక్ష చివరి వీధి నల్లా దగ్గర చేయాలి.

కార్యదర్శి గారూ, వీటిని తీర్మానంలో రాయండి. పైపు కోసే రోజు కూడా ఇప్పుడే చెప్పండి, వార్డు మెంబర్లం అందరం అక్కడుంటాం.