చంద్రకళలు, గ్రహణాలు: 7వ తరగతి యూనిట్ టెస్టు నోట్సు

పోయినసారి పేపర్లలో సగం మంది ఒకే తప్పు రాశారు: "భూమి నీడ పడి చంద్రుడు తగ్గుతాడు" అని. కాదు. చంద్రుడి మీద మన నీడ పడేది చంద్రగ్రహణం నాడే.

చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతుంది. ఆ సగంలో మనకు ఎంత కనిపిస్తే అంత కళ.

బొమ్మ 1: మధ్యలో భూమి, చుట్టూ వృత్తం, దాని మీద ఎనిమిది చంద్రులు. సూర్యకాంతి ఎడమ నుంచి వస్తున్నట్టు బాణాలు గీయండి. ఎనిమిదింటికీ కుడి సగమే నల్లగా దిద్దాలి (ఇక్కడే మార్కులు పోతున్నాయి). ఎడమ చివర అమావాస్య, కింద శుక్లపక్ష అష్టమి, కుడి చివర పౌర్ణమి, పైన కృష్ణపక్ష అష్టమి. బాణం గుర్తు గడియారం ముల్లుకు ఎదురు దిశలో.

కొత్తపట్నం బీచికి వెళ్లేవాళ్లు ఇది కళ్లారా చూడొచ్చు. పౌర్ణమి నాడు పొద్దు వెనక ఊరి వైపు కుంగే వేళకే చంద్రుడు ఎదురుగా సముద్రంలోంచి లేస్తాడు. అంటే మనం ఇద్దరి మధ్యా ఉన్నాం. విదియ, తదియల నాటి నెలవంక మాత్రం సాయంత్రం పడమటనే కనిపించి, కాసేపటికే అస్తమిస్తుంది.

చంద్రుడు భూమిని చుట్టడానికి 27.3 రోజులు. ఈలోగా భూమి కూడా జరుగుతుంది కాబట్టి అమావాస్య నుంచి అమావాస్యకు 29.5 రోజులు.

బొమ్మ 2, సూర్యగ్రహణం: సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే గీత మీద. అమావాస్య నాడే. చంద్రుడి నుంచి సన్నబడుతూ భూమిని తాకే నల్లని నీడ ప్రచ్ఛాయ. అది పడిన చోట సంపూర్ణ గ్రహణం. చుట్టూ పలచని ఉపచ్ఛాయ, అక్కడ పాక్షికం. చంద్రుడు దూరంగా ఉంటే సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేడు, ఉంగరంలా అంచు మిగులుతుంది. 2019 డిసెంబరు 26న తమిళనాడు, కేరళల్లో అలా కనిపించింది, మనకు పాక్షికమే. అలాంటప్పుడు చెట్ల కింద వెలుగు మచ్చలు చూడండి, అన్నీ నెలవంకల్లా ఉంటాయి! సూర్యుణ్ణి మాత్రం చలువ కళ్లద్దాలతోనో ఎక్స్‌రే ఫిల్ముతోనో చూడొద్దు.

బొమ్మ 3, చంద్రగ్రహణం: సూర్యుడు, భూమి, చంద్రుడు. పౌర్ణమి నాడే. చంద్రుణ్ణి భూమి ప్రచ్ఛాయలో గీసి ఎర్రగా దిద్దండి. మన గాలి పొర గుండా వంగిన ఎర్రని కాంతి అతని మీద పడుతుంది. ఆ వేళ ఎక్కడెక్కడ రాత్రో అక్కడందరికీ కనిపిస్తుంది.

"ప్రతి అమావాస్యకూ, పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు?" నాలుగు మార్కుల ప్రశ్న. చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. అందుకే చాలాసార్లు నీడ పైనుంచో కిందనుంచో తప్పిపోతుంది. రెండు కక్ష్యలూ కలిసే చోటికి దగ్గరలో అమావాస్యో పౌర్ణమో పడితేనే గ్రహణం. జవాబు పక్కన వాలుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి, 5 డిగ్రీలని రాయండి.