ఫ్లాట్ 302, కడప: తాళాలు తీసుకునే ముందు చూడాల్సినవి

చెమ్మ (ముందు ఇదే, 24 గంటలు పడుతుంది): బాత్రూమ్ జాలి మూసి అంగుళం ఎత్తు నీళ్లు నిలపాలి. మర్నాడు కింది 202 సీలింగ్, పక్క బెడ్‌రూమ్ గోడ అడుగు చూడాలి. మరక కనిపిస్తే పెయింట్‌తో కప్పనివ్వద్దు. వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. ఇప్పుడు ఎండాకాలం, వాన రాదు. కిటికీల మీద బయటినుంచి పైపుతో నీళ్లు కొట్టాలి.

ఫినిషింగ్: టైల్స్‌ను రూపాయి బిళ్లతో తట్టాలి. డొల్ల మోత వస్తే కింద సిమెంట్ నిండలేదన్నమాట. బాల్కనీ వాలు జాలివైపే ఉండాలి.

ప్లంబింగ్: సింక్ నింపి ఒక్కసారిగా వదిలి, కింది జాయింట్‌ను పొడి టిష్యూతో తుడవాలి.

కరెంటు: కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్ ఆర్‌సీసీబీ, దాని టెస్ట్ బటన్ నొక్కగానే ట్రిప్ అవ్వాలి. ప్రతి ప్లగ్‌లో ఎర్త్ చూడాలి. గీజర్, ఏసీలకు 16 ఆంపియర్ల సాకెట్లు.

లోపాలన్నీ ఫొటోలతో రాసి, బిల్డర్ సంతకం తీసుకున్నాకే తాళాలు. రెరా చట్టం ప్రకారం 5 ఏళ్లలోపు చెప్పిన నిర్మాణ లోపాన్ని 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.