గురువారం వైర్ వేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి అన్నయ్యా

ప్రసాద్ అన్నయ్యా నమస్తే, వదినగారు పిల్లలు అంతా బాగున్నారా. గురువారం డబ్బులు వేస్తున్నామని వాయిస్ మెసేజ్ పెట్టారు కదా, విన్నాను, దాని గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు అర్జెంట్ విషయం. మీ అకౌంట్స్ అమ్మాయి నిన్న నాకో మెయిల్ ఫార్వర్డ్ చేసింది, "మా పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త అకౌంట్‌కి పంపండి" అని నా పేరుతోనే. అది నేను పంపింది కాదన్నయ్యా. మెయిల్ ఐడీ చూడండి, exports అని ఉండాల్సిన చోట expots అని ఉంది, ఒక్క r ఎగరగొట్టారంతే. కింద మా లోగో, సంతకం, ఇన్వాయిస్ నంబర్ అన్నీ కరెక్టుగానే పెట్టాడు దొంగసచ్చినోడు, మన మెయిళ్ళు ఎక్కడో చదువుతున్నట్టున్నారు. పాస్‌వర్డ్ ఇక్కడ నేను మార్చేశా, అక్కడ మీరు కూడా మార్పించండి. ఆ అకౌంట్‌కి ఇప్పటికే ఏమైనా వెళ్ళిపోయి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపేసి మీ బ్యాంకుకి ఫోన్ చేసి రీకాల్ పెట్టించండి, ఎఫ్‌బీఐ వాళ్ళ ic3.gov లో కంప్లైంట్ కూడా ఇవ్వండి, లేటయ్యేకొద్దీ డబ్బు చేతికి రాదు.

మన బ్యాంకు మారలేదు. అదే గుంటూరు బ్రాంచి, అదే కరెంట్ అకౌంట్, చివరి నాలుగు అంకెలు 4471. పూర్తి నంబరు, స్విఫ్ట్ కోడు మార్చిలో కొరియర్‌లో పంపిన స్టాంపు వేసిన ఇన్వాయిస్ మీద ఉన్నాయి. అయినా నేను రాశాను కదా అని ఇది కూడా నమ్మొద్దు, మీ దగ్గర ఉన్న నా పాత నంబర్‌కే ఫోన్ చేయండి, అంకె అంకె చదివి సరిచూసుకుందాం. మీకు పొద్దున 10 అంటే మాకు రాత్రి ఏడున్నర, నేను కొట్లోనే ఉంటా.

లెక్క ఇది: ఇన్వాయిస్ GX-117 ది 11,340 డాలర్లు, GX-121 ది 7,480, రెండూ కలిపి 18,820. అందులోంచి నలిగిపోయి వచ్చిన 9 కారప్పొడి కార్టన్లకి 360 కి CN-08 క్రెడిట్ నోట్ ఇచ్చాను, అది తీసేస్తే 18,460. మీ పుస్తకాల్లో కూడా ఇదే వస్తోందా? తేడా ఉంటే డబ్బు వేశాక కాదు, ముందే చెప్పండి. వైర్‌లో రెఫరెన్స్ దగ్గర ఇది యథాతథంగా కొట్టించండి:

```
INV GX-117 GX-121 LESS CN-08
```

పోయినసారి అక్కడ ఉత్త "payment" అని పెట్టారు, పైగా వదినగారి సొంత అకౌంట్ నుంచి వచ్చింది. షిప్పింగ్ బిల్లులో కొనేది మీ కంపెనీ, డబ్బు పంపింది ఇంకెవరో, ఈవిడెవరు మీకేమవుతారు అని బ్యాంకులో నన్ను నాలుగు రోజులు తిప్పారు, వదినగారే అని చెబితే మేనేజరు నవ్వాడు గానీ డబ్బు మాత్రం వదల్లేదు, లెటర్ తెమ్మన్నాడు. ఆవిడ మా వదిన అని లెటర్ ఎలా రాయాలి చెప్పండి 😀 కాబట్టి ఈసారి కంపెనీ అకౌంట్ నుంచే.

ఇంకోటి, కరెన్సీ దగ్గర మీ బ్యాంకు స్క్రీన్ మీద INR అని దానంతటదే వస్తే USD కి మార్చండి. ఇన్వాయిస్ డాలర్లలో ఉంది, రూపాయల్లో పంపితే రేటు వాళ్ళిష్టం, పైగా ఎగుమతి డబ్బు వచ్చిందని చూపే నా ఈ-బీఆర్‌సీ దగ్గర లెక్క కుదరదు. ఛార్జీల దగ్గర OUR అనే ఆప్షన్, అంటే ఛార్జీలన్నీ పంపేవాళ్ళవే, ఇస్తే అది పెట్టించండి, పోయినసారి 7,250 కి 7,215 చేరాయి, ఆ 35 డాలర్లు ఎక్కడ తెగాయో ఇప్పటికీ తెలీదు. పర్పస్ కోడ్ సంగతి మీకొద్దు, సరుకు ముందే మీకు చేరింది కాబట్టి P0102 అని ఇక్కడ నేనే రాసిస్తా.

డబ్బు కదిలాక రెమిటెన్స్ అడ్వైస్ పంపండి, ఏ ఇన్వాయిస్‌కి ఎంత, ఏ తేదీ, ఎవరి పేరున, అంతే, అరపేజీ చాలు. దానితోపాటు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ మెసేజ్ కాపీ, అందులో UETR అని 36 అక్షరాల పొడుగాటి నంబరు ఉంటుంది, అదొక్కటి ఉంటే డబ్బు మధ్యలో ఏ బ్యాంకులో కూర్చుందో మావాళ్ళు పట్టుకుంటారు. "ట్రాన్స్‌ఫర్ డన్" అని స్క్రీన్‌షాట్ పంపితే మా బ్యాంకులో దాన్ని చూడను కూడా చూడరు.

బుధవారం రాత్రి మీ ఫోన్ కోసం చూస్తుంటా. ఆవకాయ రెండో లోడు ప్యాకింగ్ అయిపోయింది, దాని కంటైనర్ బుకింగ్ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం.

మీ తమ్ముడు,
శ్రీను, గుంటూరు